కథ తనదేనని తేల్చడానికి చిత్తుప్రతులు ఎలా అడగాలి?

నల్లగొండలో మేం పెట్టే చిన్న కథల పోటీకి ఒక డిగ్రీ కుర్రాడు ఫ్లోరైడ్ నీళ్ల మీద కథ పంపాడు. అది అతను రాసింది కాదని ఫిర్యాదు వచ్చింది. గూగుల్ డాక్స్‌లో Version history చూస్తే కథంతా ఒకేసారి పడినట్టుంది. అయితే అతను పంపింది కాపీ. కాపీకి పాత చరిత్ర రాదు కదా, అందుకే అసలు ఫైల్‌కే ఎడిటర్ యాక్సెస్ అడిగాం.

ముందు నోటుబుక్‌లో రాశానంటూ ఫోటోలు పంపాడు. బోరింగ్ దగ్గర తాత సన్నివేశం కొట్టివేతలతో నిండి ఉంది, చివరి కథలో లేని చెల్లెలు అందులో ఉంది. చూసి రాసుకున్నదైతే ఇలా ఉండదని నా నమ్మకం.

టైప్ చేసింది కూడా ఒకే రోజైతే ఈ నోటుబుక్ సరిపోతుందా? అతన్ని నొప్పించకుండా ఇంకేం అడగొచ్చు? ఇలాంటివి చూసిన సంపాదకులు దయచేసి చెప్పండి.