రేడియో ట్యూనింగ్ సిరీసా, ప్యారలలా? ఒకే కాయిల్‌కి మూడు క్యూలు

బ్రాడీపేట_కుర్రాడు:
ఫెర్రైట్ రాడ్ మీద నేనే చుట్టిన కాయిల్, 60 చుట్లు, 200 మైక్రోహెన్రీలు. గ్యాంగ్ కండెన్సర్‌తో విజయవాడ స్టేషన్ 837 కిలోహెర్ట్జ్‌కి ట్యూన్ చేశా. ట్యూనింగ్ ఎంత పదునుగా ఉందో చెప్పే అంకె క్యూ కదా, కాలేజీలో క్యూ మీటర్ మీద పెడితే అది 100 వచ్చింది. సిరీస్ రెజొనెన్స్ ప్రయోగంలో అదే కాయిల్‌ని, అదే గ్యాంగ్‌ని ఫంక్షన్ జనరేటర్‌కి కలిపితే 17. ఇంట్లో డయోడ్ సెట్‌లో పెట్టి, రాత్రి స్టేషన్ ఆగిపోయాక కొలిస్తే 18. గ్యాంగ్ ఎటు తిప్పినా విజయవాడే వినిపిస్తోంది. క్యూ పెరగాలంటే సిరీస్‌లో R తగ్గాలి, ప్యారలల్‌లో R పెరగాలి అని రికార్డులో రాశాం. మరి రేడియోలో ఉన్నది ఏది? నేనేం మార్చాలి?

వన్‌టౌన్_రేడియో:
ప్యారలల్. ఇందులో చర్చేముంది అబ్బాయ్. కాయిల్ రెండు కొసలు గ్యాంగ్ రెండు కాళ్లకి అతికావా లేదా? ఇద్దరూ పక్కపక్కన ఉన్నారు కదా. సిరీస్ అయితే మధ్యలో ఎక్కడో ఒక తీగ ఊడి ఉండాలి. నీ కాయిల్ మామూలు ఎనామెల్ తీగతో చుట్టి ఉంటావు, అదే తప్పు. విడివిడిగా ఎనామెల్ పూసిన సన్న పోగులు పేనిన లిట్జ్ వైర్‌తో చుట్టు, క్యూ దానంతటదే వస్తుంది. ముప్పై ఏళ్లు సెట్లు బాగుచేసినవాణ్ణి, చూడకుండానే చెప్తున్నా.

లబ్బీపేట_మేడం:
సిరీస్. ఫెర్రైట్ రాడ్‌లో సిగ్నల్ ఎక్కడ పుడుతుందో చూడండి. బయట నుంచి తెచ్చి కాయిల్ కొసలకి అతికించడం లేదు, కాయిల్ చుట్లలోనే పుడుతోంది. ఆ వోల్టేజీ కాయిల్ గుండా, కాయిల్ రెసిస్టెన్స్ గుండా, గ్యాంగ్ గుండా ఒకే దారిలో తిరుగుతుంది. కాబట్టే కండెన్సర్ మీద దానికి క్యూ రెట్లు వోల్టేజీ వస్తుంది. ప్యారలల్ అనుకుంటే ఆ పెరుగుదల ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేరు. క్యూ మీటర్ చేసే పని కూడా ఇదే. చాలా తక్కువ రెసిస్టెన్స్ ఉన్న చోటు నుంచి కాయిల్‌కి సిరీస్‌లో కొద్దిపాటి వోల్టేజీ ఇచ్చి, కండెన్సర్ మీద ఎన్ని రెట్లయిందో కొలుస్తుంది.

వన్‌టౌన్_రేడియో:
అమ్మా, వోల్టేజీ ఎక్కడ పుట్టిందన్నది పుస్తకం సంగతి. డయోడ్‌కి తీగ ఎక్కడి నుంచి తీస్తాం? రెండిటి పైకొస నుంచి. డయోడ్ చూసేది ప్యారలల్ సర్క్యూట్‌నే.

పటమట_ఈసీఈ:
మా వైవాలో ఈ ప్రశ్నకే నాకు సున్నా పడింది. సిరీస్ అన్నాను. ప్యారలల్ అన్న మా వాడికి కూడా సున్నానే వేశారు. అప్పటి నుంచీ రెజొనెన్స్ అంటే ఒళ్లు మంట.

మంగళగిరి_బైకు:
మా ఎఫ్‌ఎం కూడా కొండ దాటగానే ఇంకో స్టేషన్‌తో కలిసిపోతోంది. క్యూ పెంచాలంటే ఏరియల్ మార్చాలా?

వన్‌టౌన్_రేడియో:
బాబూ, ఇక్కడ మాట్లాడేది మీడియం వేవ్ గురించి.

తెనాలి_లెక్క:
ఇద్దరూ ఒకటి వదిలేశారు. కాయిల్‌లో రెసిస్టెన్స్ ఉంటే ప్యారలల్ రెజొనెన్స్ ఫ్రీక్వెన్సీ, సిరీస్ ఫ్రీక్వెన్సీ ఒకటి కావు. ముందు అది తేల్చకుండా ఈ చర్చ అనవసరం.

లబ్బీపేట_మేడం:
క్యూ 100 ఉన్నప్పుడు ఆ తేడా 837 కిలోహెర్ట్జ్‌లో దాదాపు 42 హెర్ట్జ్. గ్యాంగ్ నాబ్ మీద వేలు ఆనిస్తే అంతకంటే ఎక్కువ జరుగుతుంది. వదిలేయండి.

తెనాలి_లెక్క:
తేడా ఉందని ఒప్పుకున్నారుగా, చాలు.

బ్రాడీపేట_కుర్రాడు:
మేడం, మీరు చెప్పినట్టు సిరీసే అయితే బోర్డు మీద నేను పెట్టింది కూడా సిరీసే కదా. అక్కడ 100 రాకుండా 17 ఎందుకొచ్చింది? ప్రోబ్ ×10లోనే పెట్టా. ప్రోబ్ కలిపాక శిఖరం కాస్త జరిగితే గ్యాంగ్‌తో సరిచేసి మళ్లీ 837కి తెచ్చా.

లబ్బీపేట_మేడం:
ప్రోబ్ విషయంలో తప్పు లేదు. జనరేటర్ అవుట్‌పుట్ సాకెట్ పక్కన 50 ఓమ్‌లు అని రాసి ఉంటుంది, చూడండి. 837 దగ్గర మీ కాయిల్ రియాక్టెన్స్ 1052 ఓమ్‌లు. క్యూ మీటర్ 100 అన్నదంటే కాయిల్ సొంత రెసిస్టెన్స్ పదిన్నర ఓమ్‌లు. దానికి జనరేటర్ 50 తోడైతే అరవైన్నర. 1052ని దానితో భాగించండి, 17.4. మీరు కొలిచింది కాయిల్‌ని కాదు, జనరేటర్‌తో కలిసి ఉన్న కాయిల్‌ని. ప్రతి ఏడూ ఎవరో ఒకరు ఈ రీడింగ్ కొట్టేసి రికార్డులో 100 అని రాసుకొస్తారు. మీరు 17నే నమ్మి అడిగారు, సంతోషం.

బ్రాడీపేట_కుర్రాడు:
మరి ఇంట్లో సెట్‌లో జనరేటర్ లేదుగా? ఒక చిన్న లూప్‌కి సిగ్నల్ ఇచ్చి, రాడ్‌కి దూరంగా పెట్టి కొలిచా. అయినా 18. డయోడ్ తర్వాత క్రిస్టల్ ఇయర్‌ఫోన్, దానికి అడ్డంగా 47 కిలో ఓమ్‌లు. అంతే.

వన్‌టౌన్_రేడియో:
చెప్పాను కదా, కాయిల్. లిట్జ్ వెయ్యి.

లబ్బీపేట_మేడం:
కాయిల్ బాగోలేకపోతే క్యూ మీటర్‌లో 100 ఎలా వస్తుందండీ? ఈ 47 కిలోల వల్లే. సిగ్నల్ బలంగా ఉన్నప్పుడు ఇలాంటి డయోడ్ డిటెక్టర్ తన లోడ్‌లో సగం రెసిస్టెన్స్‌లాగా కనిపిస్తుంది. అంటే ఇరవై మూడున్నర కిలో ఓమ్‌లు ట్యూనింగ్ సర్క్యూట్‌కి అడ్డంగా కూర్చుంది. కాయిల్ సొంత నష్టాన్ని కూడా అలా అడ్డంగా ఉన్నట్టు లెక్కేస్తే, 1052ని వర్గం చేసి పదిన్నరతో భాగించాలి, 105 కిలోలు వస్తుంది. రెండూ ప్యారలల్‌గా కలిస్తే 19 కిలోలు. దాన్ని 1052తో భాగిస్తే 18.

ఇప్పుడు ఆ జనరేటర్ 50 ఓమ్‌లని కూడా ఇలాగే మార్చి చూడండి. 1052 వర్గం బై 50, సుమారు 22 కిలోలు. సిరీస్‌లో 50 ఓమ్‌లు చేసిన నష్టం, ప్యారలల్‌లో 22 కిలోలు చేసిన నష్టం ఒకటే. మీకు రెండు చోట్లా దగ్గర దగ్గరగా ఒకే అంకె రావడం కాయిల్ తప్పు కాదు.

వన్‌టౌన్_రేడియో:
ఇప్పుడు ప్యారలల్ లెక్క మీరే వేశారు! పొద్దున సిరీస్ అన్నారు.

లబ్బీపేట_మేడం:
సిగ్నల్ సిరీస్‌లోనే వస్తోంది, ఇప్పటికీ అదే అంటున్నాను. లోడ్ ప్యారలల్‌లో ఉంది. మీరు మాట వినకుండా మాట పట్టుకుంటున్నారు.

వన్‌టౌన్_రేడియో:
మాట పట్టుకోక ఏం చేయమంటారు? ఒక లెక్చరర్ గారు నా షాపుకి సెట్ తెచ్చారు. రెండు రోజులు కూర్చుని చేత్తో కాయిల్ చుట్టి ఇచ్చాను. ఇంటికెళ్లి ఫోన్ చేసి, కాయిల్‌తో పని లేదు, తప్పంతా మీ సర్క్యూట్‌లోనే ఉంది, లెక్క వేసి చూశాను అన్నారు. డబ్బులు ఈ రోజుకీ ఇవ్వలేదు. మీ చదువుకున్నవాళ్లకి కాయిల్ అంటే ఒక అంకె. నాకు క్యూ అంటే కాయిల్. తీగ, చుట్టు, మైనం, అన్నీ అందులో ఉంటాయి.

లబ్బీపేట_మేడం:
అసలు తగువు ఇక్కడుందన్న మాట. మీ దృష్టిలో క్యూ కాయిల్‌ది. నా దృష్టిలో కాయిల్‌తో పాటు దానికి తగిలించిన ప్రతిదానిది. మీ డబ్బు ఎగ్గొట్టినాయన తరఫున నేను మాట్లాడటం లేదండీ. కానీ ఈ అబ్బాయి సెట్‌లో ఉన్నపళాన లిట్జ్ వేస్తే ఏమవుతుందో చూడండి. కాయిల్ రెసిస్టెన్స్ సగానికి తగ్గిందనుకుందాం, కాయిల్ క్యూ 200. డయోడ్ లోడ్ అలాగే ఉంటే సర్క్యూట్ క్యూ 18 నుంచి 20కి పోతుంది. అంతే. మీరు రెండు రోజులు చుట్టిన కష్టాన్ని ఆ 47 కిలోల ముక్క మింగేస్తుంది.

వన్‌టౌన్_రేడియో:
...అయితే ట్యాప్ తియ్యాలి. అది నాకూ తెలుసు. పాత సెట్లలో డయోడ్‌ని ఎప్పుడూ కాయిల్ నెత్తి మీద పెట్టలేదు. ఎందుకని అడిగితే మా గురువుగారు "స్టేషన్లు కలిసిపోతాయిరా" అనేవారు.

లబ్బీపేట_మేడం:
మీ గురువుగారు చెప్పిందే లెక్క. ఎర్త్ కొస నుంచి 20వ చుట్టు దగ్గర ట్యాప్. మూడో వంతు చుట్లు కాబట్టి లోడ్ తొమ్మిది రెట్లుగా కనిపిస్తుంది, సుమారు 211 కిలోలు. క్యూ 67 దాకా రావాలి. బ్యాండ్‌విడ్త్ 46 కిలోహెర్ట్జ్ నుంచి పన్నెండున్నరకి దిగుతుంది.

పటమట_ఈసీఈ:
మూడో వంతు దగ్గర తీస్తే సౌండ్ కూడా మూడో వంతు అవుతుందిగా?

లబ్బీపేట_మేడం:
ట్యాప్ దగ్గర మూడో వంతే. కానీ క్యూ 18 నుంచి 67కి పెరిగితే మొత్తం కాయిల్ మీద వోల్టేజీ దాదాపు 3.7 రెట్లవుతుంది. దాన్ని మూడుతో భాగించినా ముందుకంటే కాస్త ఎక్కువే.

బ్రాడీపేట_కుర్రాడు:
(ఆదివారం) చేశాను. 20వ చుట్టుని మాత్రం టూత్‌పిక్‌తో పైకి లేపి, బ్లేడుతో ఎనామెల్ గీకి, తగరం పూసి తీగ అతికించా. మొదటిసారి గీకినప్పుడు పక్క చుట్టుకి కూడా తగిలింది. ఆ రెండు చుట్లూ షార్ట్ అయి సౌండ్ బాగా పడిపోయింది. మధ్యలో కాగితం ముక్క పెట్టాక సరైంది. సౌండ్ తగ్గలేదు. బ్యాండ్‌విడ్త్ 14 కిలోహెర్ట్జ్, అంటే క్యూ 60. ముఖ్యంగా గ్యాంగ్ 700 వైపు తిప్పితే విజయవాడ పోతోంది!

లబ్బీపేట_మేడం:
67 బదులు 60 రావడం మామూలే. రాడ్ మీద ఆ 20 చుట్లు మిగతా 40తో పూర్తిగా కలిసి ఉండవు. తొమ్మిది రెట్లన్నది ఆదర్శ లెక్క. ఇంకొకటి. పక్క స్టేషన్ 9 కిలోహెర్ట్జ్ దూరంలో ఉంటే దాన్ని ఈ ఒక్క సర్క్యూట్ ఆపలేదు. క్యూ 100 ఉన్నా దాని వోల్టేజీ సగానికి కొద్దిగా కిందికే దిగుతుంది. ఆ పని సూపర్‌హెట్ సెట్‌లో 455 కిలోహెర్ట్జ్ ఐఎఫ్ చేస్తుంది.

వన్‌టౌన్_రేడియో:
ఇప్పుడు నా మాట. ట్యాప్ తీశావు, లోడ్ పోయింది. ఇక లిట్జ్ వేస్తే పని చేస్తుందా లేదా? మేడం గారే చెప్పాలి.

లబ్బీపేట_మేడం:
చేస్తుంది. క్యూ 100 దాకా పోతుంది, ఒప్పుకుంటున్నాను. కానీ బ్యాండ్‌విడ్త్ 8.4 అవుతుంది, అంటే అటూ ఇటూ 4.2 కిలోహెర్ట్జ్. డయల్ కింది కొసకి, 540 వైపుకి వెళ్తే అదే క్యూకి అటూ ఇటూ 2.7. వార్తలు చదివేవాళ్ల 'స', 'ష' ఒకేలా వినిపిస్తాయి.

వన్‌టౌన్_రేడియో:
వినిపించవు. పాత సెట్లలో ఎన్ని విన్నాను. చెవి అలవాటు పడుతుంది.

తెనాలి_లెక్క:
చెవి అలవాటు పడటానికి ఫార్ములా లేదు.

వన్‌టౌన్_రేడియో:
అబ్బాయ్, ఆ రాడ్ పట్టుకుని వన్‌టౌన్ రా. లిట్జ్ నా దగ్గరుంది. పక్కపక్కనే పెట్టి విందాం. మేడం గారూ, మీరూ రండి, టీ నాదే.

బ్రాడీపేట_కుర్రాడు:
వచ్చే ఆదివారం వస్తా బాబాయ్. ఎనామెల్ కాయిల్ కూడా తెస్తా, పాడు చేయకండి.

మంగళగిరి_బైకు:
ఎఫ్‌ఎం సంగతి ఎవరూ చెప్పలేదు.