చెన్నై నుంచి విశాఖకు వీణ: పక్క సీటు కొనాలా, లగేజీలో వేయాలా?

మైలాపూర్ అమ్మ: వచ్చే నెల మా అమ్మాయి కచేరీ విశాఖలో ఉంది. ఒకే చెక్కలో తొలిచిన బొబ్బిలి ఏకాండి వీణ, దండి విడదీయడానికి రాదు. పెట్టెతో కలిపి 18 కిలోలు, పొడవు నాలుగున్నర అడుగులు. సీటు కొనడమా, లగేజీలో వేయడమా? మా అబ్బాయి వయొలిన్ కూడా ఉంది, దాని సంగతీ చెప్పండి.

పోరూర్ సుబ్బు: లగేజీలో వేయకండి. కింద గాలి ఒత్తిడి ఉండదు, పనస చెక్క పగిలిపోతుంది. తీగలన్నీ పూర్తిగా వదులు చేస్తేనే బతుకుతుంది.

వీణ మరమ్మతు: సుబ్బు గారూ, సామాను గదిలో ఒత్తిడి పైన మనం కూర్చునే చోట ఉన్నంతే ఉంటుంది. ఒత్తిడితో పగిలిన వీణ నా దగ్గరికి ఎప్పుడూ రాలేదు. వచ్చేవన్నీ కింద పడేసినవి, ఎండలో నిలబెట్టినవి. మెట్లు మైనం మీద కూర్చుని ఉంటాయి. మే నెలలో సామాను బండి మీద విమానం పక్కన ఎండలో అరగంట ఉంటే మైనం మెత్తబడి మెట్టు ఒరుగుతుంది. అక్కడికెళ్లి శ్రుతి చేస్తే వట్టి తీగలు బాగానే పలుకుతాయి, మెట్టు మీద వేలు పెడితేనే అపస్వరం తెలుస్తుంది. అందుకే తెల్లవారుజాము విమానం చూసుకోండి.

పోరూర్ సుబ్బు: మా గురువుగారు తీగలు పూర్తిగా వదిలేసేవారు. నలభై ఏళ్లు వాయించారు ఆయన.

వీణ మరమ్మతు: వాయించడం వేరు, బిగించడం వేరు. కుండ మీద తీగలను ఎత్తిపట్టే గుర్రం నిలబడేది తీగల ఒత్తిడి మీదే. మొత్తం వదిలేస్తే అది జారి కుండ మీద గీతలు పెడుతుంది. రెండు మూడు స్వరాలు దించి, తీగల కింద మెత్తటి గుడ్డ దూర్చండి. సొరకాయ బుర్ర మాత్రం మర తిప్పి తీసేసి చేతిసంచిలో పెట్టుకోండి. ముందు దెబ్బ తినేది అదే.

పోరూర్ సుబ్బు: సరే, మీరే పెద్ద విద్వాంసులు. వదిలేశాను.

డాలస్ రవి: ఇంత గొడవ ఎందుకు? వాయిద్యాన్ని కేబిన్‌లోకి రానివ్వాలని 2012లోనే చట్టం వచ్చింది. గట్టిగా అడగండి.

తాంబరం లెక్కలు: అన్నా, అది అమెరికాలో, అక్కడి విమాన సంస్థలకు. అది కూడా పైన ఖాళీ ఉండి, పట్టే వాయిద్యానికి. ఇక్కడ చెన్నై విమానాశ్రయంలో చెప్తే నవ్వుతారు.

మేడమ్, లెక్క ఇదీ. లగేజీ 15 కిలోలు ఉచితం అనుకుంటే మీకు 3 కిలోలు ఎక్కువ. కిలోకి 600 అనుకున్నా 1800. కానీ అసలు చిక్కు కొలత. మామూలుగా పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు దాటకూడదు. మీ పెట్టె 138, 45, 42 అనుకుంటే 225 అవుతుంది. దానికి విడిగా రుసుము అడగొచ్చు, కొన్ని సంస్థలు అసలు తీసుకోవు. టికెట్ కొనకముందే ఈ మూడు కొలతలూ చెప్పి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

సీటు కొనాలంటే రెండూ ఒకే బుకింగ్‌లో, ఫోన్ చేసి తీసుకోండి. పేరు గడిలో ఇంటిపేరు పక్కన, అది కేబిన్ సామాను సీటని తెలిసేలా CBBG అని వేస్తారు. తర్వాత కొంటే ఆ రోజు ధర కట్టాలి, పక్క సీటు దొరుకుతుందన్న నమ్మకం కూడా లేదు. కిటికీ సీటు అడగండి. అత్యవసర ద్వారం వరుసలో ఇవ్వరు. నాలుగున్నర అడుగుల వీణ నిలబెట్టి బెల్టు కట్టడానికి ఎత్తు పరిమితి ఉంటుంది, అదీ ముందే అడగాలి. చిన్న ఏటీఆర్ విమానం పడితే ఆశ వదిలేయండి.

అడయార్ పింకీ: మా పిల్లిని అడిగితే ఎవరూ జవాబివ్వరు గానీ వీణకి ఇన్ని పేరాలా! ఇండిగోలో పెంపుడు జంతువులు వద్దంటారు. ఆకాసా 2022 నుంచి కేబిన్‌లోకి రానిస్తోంది, సంచితో కలిపి తూకం చూస్తారు. ఇంకా?

తాంబరం లెక్కలు: పిల్లి గురించి వేరే చర్చ మొదలుపెట్టండి. వీణకి టీకా పుస్తకం ఉండదు కదా.

అడయార్ పింకీ: ఇక్కడ అందరికీ ఇంత పొగరేంటో.

విజయవాడ వాసు: పోయినసారి మా వాళ్ల వీణ దండి చీలి వచ్చింది. సంస్థ పేరు చెప్పను. చెకిన్‌లో ఒక చీటీ మీద సంతకం పెట్టించుకున్నారు, దెబ్బ తింటే మాది కాదు అని. ‘ఫ్రాజైల్’ స్టిక్కర్ అంటించారు, సరే. లగేజీ వచ్చే బెల్టు దగ్గరే ఫిర్యాదు రాయించి కాగితం తీసుకున్నాం కాబట్టి కొంత వచ్చింది. గేటు దాటి ఇంటికెళ్లాక చెబితే రుజువు చేయడం కష్టం. దేశంలో ప్రయాణానికి లగేజీ పరిహారం 20,000 వరకే అన్నారు. వీణ ధర మీకు తెలుసు.

వీణ మరమ్మతు: చీలిక ఎక్కడ? మెడ దగ్గరా, కుండ కలిసే చోటా? ఏకాండి అయితే అతుకే ఉండదు కదా.

విజయవాడ వాసు: తంజావూరు వీణ అండి. కుండకి ఆనుకుని. అందుకే ఈసారి రైల్లో పై బెర్త్ కొన్నాం, వీణకి.

పోరూర్ సుబ్బు: చూశారా! రైలే మేలు. తీగలు మాత్రం వదులు చేయండి.

మైలాపూర్ అమ్మ: ధన్యవాదాలు. కొలతలు పంపి అడిగాను, కాల్ సెంటర్ అమ్మాయి "వీణ అంటే గిటారా మేడమ్" అంది. వయొలిన్ గురించి ఎవరూ చెప్పలేదండీ?