పది డిగ్రీల ఉపగ్రహాన్ని మన వంశధార మీదికి తిప్పలేరా?

కాశీనగర్ లక్ష్మి:
2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా గజపతి జిల్లాలో వంశధార ఎంతదాకా పొంగిందో రెండ్రోజుల వరకు ఎవరికీ తెలియలేదు. పైన మబ్బులు, కింద కరెంటు లేదు. ఇప్పుడేమో మబ్బుల్లోంచి కూడా చూసే రాడార్ ఉపగ్రహాలున్నాయి. 2023 ఏప్రిల్‌లో శ్రీహరికోట నుంచి వెళ్లిన సింగపూర్ వాళ్ల TeLEOS-2 అలాంటిదే. కానీ దాని కక్ష్య వంపు, అంటే భూమధ్యరేఖతో కక్ష్య చేసే కోణం, పది డిగ్రీలేనట, పంతొమ్మిది డిగ్రీల అక్షాంశం దగ్గరున్న మన దాకా రాదట. ఉపగ్రహాన్ని వంద కిలోమీటర్లు పైకి లేపడం తేలికే అని చదివాను. మరి పక్కకి తొమ్మిది డిగ్రీలు తిప్పడం ఎందుకంత కష్టం? పైకెక్కడం కంటే పక్కకి తిరగడమే కదా సులువు?

పర్లాకిమిడి లెక్కల మాస్టారు:
లక్ష్మి గారూ, ఒక తెల్ల కాగితం, స్కేలు, కోణమానిని తీసుకోండి. టెన్త్ పిల్లలకి నేను చేయించేది ఇదే.

ఆ ఉపగ్రహం 586 కిలోమీటర్ల ఎత్తులో సెకనుకి 7.57 కిలోమీటర్ల వేగంతో పోతోంది. కిలోమీటరుకి రెండు సెంటీమీటర్ల చొప్పున గీస్తే 15.1 సెంటీమీటర్ల గీత వస్తుంది. ముందు ఎత్తు పెంచే పని చూద్దాం. వంద కిలోమీటర్లు పైన ఉండాల్సిన వేగం 7.51. అదే గీత మీద, అదే దిక్కులో ఇంకో గీత గీయండి. రెండిటి చివరలకీ మధ్య తేడా ఒక్క మిల్లీమీటరు, అంటే పెన్సిల్ ముల్లంత. అసలు కొలతలో అది సెకనుకి 54 మీటర్లు. ఎత్తు పెంచడానికి రెండుసార్లు ఇంజను మండించాలి కానీ, రెండూ కలిపినా అయ్యే డెల్టా-వి, అంటే ఇంజను తేవాల్సిన వేగపు మార్పు, ఆ 54 మీటర్లు మాత్రమే.

ఇప్పుడు తిప్పే పని. అదే బిందువు దగ్గర 9 డిగ్రీల కోణం పెట్టి, అదే పొడవున్న గీత ఇంకోటి గీయండి. రెండు గీతల చివరలనీ కలిపితే 2.4 సెంటీమీటర్లు వస్తుంది. అంటే సెకనుకి 1,190 మీటర్లు. వేగం ఒక్క మీటరు కూడా పెరగలేదు, తగ్గలేదు. దిక్కు మార్చినందుకే ఇరవై రెండింతలు చెల్లించాం. రోడ్డు మీద బండి తిప్పితే టైరుని రోడ్డు పట్టుకుని తిప్పుతుంది, పెట్రోలుకి పని లేదు. అక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు. పాత దిక్కులో ఉన్న వేగాన్ని కొంత చంపాలి, కొత్త దిక్కులో అంత పుట్టించాలి. రెండూ ఇంధనంతోనే.

ఇంధనం లెక్క ఇంకా బాధాకరం. ఆ ఉపగ్రహం బరువు 741 కిలోలు. అంత బరువున్న దేన్నైనా మామూలు హైడ్రజీన్ ఇంజనుతో వంద కిలోమీటర్లు లేపడానికి 18 కిలోలు చాలు. 9 డిగ్రీలు తిప్పడానికి 310 కిలోలు పైనే కావాలి.

బరంపురం బీటెక్:
మాస్టారూ, మీ బొమ్మ బాగుంది, కానీ సగమే చెప్పారు. మీ ఖర్చంతా వేగం వల్ల వచ్చింది. పైకి పోయే కొద్దీ వేగం తగ్గుతుంది. కాబట్టి ముందు పైకి లేపి, అక్కడ నెమ్మదిగా ఉన్నప్పుడు తిప్పి, మళ్లీ కిందికి తెస్తే సరిపోతుంది. ఎత్తు పెంచడం చవకని మీరే అన్నారు.

పర్లాకిమిడి లెక్కల మాస్టారు:
బాబూ, సూత్రం కరెక్టే, ఈ కోణానికి మాత్రం పనిచేయదు. లెక్కేసి చూద్దాం. కక్ష్యలో ఒక కొనని భూమి కేంద్రం నుంచి ఇప్పుడున్న దూరానికి ఒకటిన్నర రెట్లకి లాగుదాం. భూమి మీద నుంచి అది దాదాపు 4,000 కిలోమీటర్ల ఎత్తు. లాగడానికి, మళ్లీ దించడానికి కలిపి సెకనుకి 1,440 మీటర్లు. అక్కడ వేగం మొదటి దాంట్లో 73 శాతమే కాబట్టి తిప్పడానికి 870 చాలు, నిజమే. మొత్తం 2,310. నేరుగా తిప్పితే 1,190. పెళ్లికి వెళ్లే దారిలో బస్సు ఖర్చు ఆదా చేయబోయి ఆటోకి ఎక్కువ ఇచ్చినట్టుంది.

సుమారు 40 డిగ్రీలు దాటాకే పైకి పోయి తిప్పే దారి లాభానికి వస్తుంది. వంద కిలోమీటర్లు లేపడం చవక. వేల కిలోమీటర్లు లేపి దించడం చవక కాదు. "ఎత్తు చవక" అన్న మాటని అంతవరకే తీసుకోవాలి.

రాయగడ డిష్ సర్వీస్:
వంపు అంటే నాకు బాగా తెలుసు. మా రాయగడలో డిష్‌ని ఎంత పైకి వంచాలో మేం యాప్‌లో చూసి పెడతాం, ఒక నట్టు తిప్పితే అయిపోతుంది. దానికి ఇంత ఇంధనం ఎందుకో అర్థం కాలేదు. కానీ ఒక విషయం చెప్పాలి. పాత రోజుల్లో మా కేబుల్ కంట్రోల్ రూమ్‌లో పదహారడుగుల డిష్ ఉండేది. ఒక ఛానల్ రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పోయేది. నట్లన్నీ బిగించాను, కేబుల్ మార్చాను, ఎల్ఎన్‌బి మార్చాను. కస్టమర్ల ఫోన్లతో నెలరోజులు టెన్షన్. విచిత్రం ఏంటంటే పోయే టైం రోజూ నాలుగు నిమిషాలు ముందుకి జరిగేది. ఆ ఛానల్ వాళ్లకి ఫోన్ చేస్తే "మా దగ్గర బాగానే ఉంది, మీ డిష్‌దే తప్పు" అన్నారు.

పర్లాకిమిడి లెక్కల మాస్టారు:
తమ్ముడూ, మీరంటున్నది డిష్ వంపు, ఇక్కడ మాట్లాడేది కక్ష్య వంపు. అయినా మీ కథ సరిగ్గా ఈ విషయమే. ఆ నాలుగు నిమిషాలే సాక్ష్యం. తప్పు మీ డిష్‌ది కాదు.

టీవీ ఉపగ్రహం 36 వేల కిలోమీటర్ల ఎత్తులో భూమధ్యరేఖ మీద కదలకుండా ఉన్నట్టు కనిపించాలి. కానీ సూర్యచంద్రులు లాగి దాని కక్ష్యని ఏడాదికి దాదాపు 0.85 డిగ్రీ వంచేస్తారు. వంగిన కక్ష్యలో ఉపగ్రహం రోజూ ఉత్తరానికి, దక్షిణానికి ఊగుతుంది. పెద్ద డిష్ చూపు డిగ్రీ వెడల్పే, అందుకే రెండు కొసల్లోనూ తప్పిపోతుంది. నక్షత్రాల లెక్కన భూమి చుట్టు 23 గంటల 56 నిమిషాలది కాబట్టి ఊగే టైం రోజుకి నాలుగు నిమిషాలు ముందుకి జరుగుతుంది. ఇళ్ల మీది చిన్న డిష్ చూపు రెండున్నర డిగ్రీల పైనే కాబట్టి వాళ్లకి ఇంత త్వరగా తెలిసేది కాదు.

ఆ వంపుని సరిచేయడానికి ఏడాదికి సెకనుకి 50 మీటర్లు కావాలి. తూర్పు పడమరల్లో సర్దుకోవడానికి రెండు మీటర్లు చాలు. పదిహేనేళ్ల ఆయుష్షుకి 750 మీటర్లు ఒక్క వంపుకే పోతాయి. అక్కడ వేగం 3.07 కిలోమీటర్లే, అయినా ఇంత. ఇంధనం అయిపోవస్తున్నప్పుడు ఉపగ్రహం నడిపేవాళ్లు మొదట ఆపేది ఈ ఉత్తర-దక్షిణ సర్దుబాటునే. మీ ఛానల్ ఉన్న ఉపగ్రహానికి అదే జరిగి ఉంటుందని నా అనుమానం.

రాయగడ డిష్ సర్వీస్:
నెలరోజులు నట్లు బిగించాను సార్. ఇప్పుడు తెలిసింది.

కాశీనగర్ లక్ష్మి:
నేను గీశాను మాస్టారూ. రెండోసారి కొలిస్తే 2.4 సరిగ్గా వచ్చింది. సరే, తిప్పొద్దు. అది మదురై అంత ఉత్తరానికి వస్తుంది కదా, అక్కడి నుంచే పక్కకి చూసి మా ఊరిని ఫోటో తీయకూడదా?

పర్లాకిమిడి లెక్కల మాస్టారు:
మదురై దగ్గరి నుంచి మన ఊరికి ఉత్తరంగా దాదాపు 980 కిలోమీటర్లు. రేడియో సిగ్నల్ అయితే అందుతుంది, మన ఆకాశంలో 25 డిగ్రీల ఎత్తున కనిపిస్తుంది. కానీ రాడార్ నిట్టనిలువు నుంచి 56 డిగ్రీలు వంచి చూడాలి. అంత వాలుగా చూస్తే తిరిగొచ్చే ప్రతిధ్వని చాలా బలహీనం, కొండల నీడలు లోయల్ని మింగేస్తాయి. మన జిల్లా అంతా కొండలే. నదిని చూడాలంటే అది పనికిరాదు.

బరంపురం బీటెక్:
హైడ్రజీన్ వదిలేయండి మాస్టారూ. జెనాన్ వాయువుని కరెంటుతో వేగంగా చిమ్మే విద్యుత్ థ్రస్టర్ పెడదాం. వాటి ఎగ్జాస్ట్ వేగం ఏడింతలు. నేను లెక్కేశాను. మెల్లగా తోసేటప్పుడు తోపు కక్ష్య అంతా పరుచుకుంటుంది, భూమధ్యరేఖని దాటే చోట్ల తోసిందే బాగా పనిచేస్తుంది, కాబట్టి డెల్టా-వి 1,190 నుంచి 1,870కి పెరుగుతుంది. అయినా ఇంధనం 90 కిలోలకి లోపే. 310 కంటే ఎంత నయం!

పర్లాకిమిడి లెక్కల మాస్టారు:
లెక్క తప్పు లేదు, ఒప్పుకుంటున్నాను. కానీ టైం చూశావా? 40 మిల్లీన్యూటన్ల థ్రస్టర్ అనుకో. 741 కిలోలని అంత మెల్లగా తోస్తే ఏడాది పైనే పడుతుంది. తుఫాను ఏడాది ఆగదు. పైగా ఆ థ్రస్టర్‌కి ఏడెనిమిది వందల వాట్లు కావాలి, ప్రతి చుట్టులో మూడో వంతు నీడలో గడుస్తుంది. రాడార్‌కి కూడా అదే కరెంటు.

బరంపురం బీటెక్:
తుఫాను వచ్చాక తిప్పమని నేననలేదు. ముందే తిప్పి పెడదామంటున్నా. ఒక్కసారి 19 డిగ్రీల కక్ష్యలోకి వస్తే, కక్ష్య ఉత్తరపు కొస సరిగ్గా మన జిల్లా మీదే పడుతుంది. కొస దగ్గర ఉపగ్రహం దాదాపు తూర్పుకే సాగుతుంది కాబట్టి వరుసగా కొన్ని చుట్లలో మన వైపు వస్తుంది. ధ్రువాల మీదుగా పోయే ఉపగ్రహానికి ఆ సౌకర్యం లేదు.

పర్లాకిమిడి లెక్కల మాస్టారు:
ఆ లాభం నిజమే. అయితే దాన్ని కక్ష్యలో కొనుక్కోవడం ఎందుకు? శ్రీహరికోట 13.7 డిగ్రీల దగ్గర ఉంది. అక్కడి నుంచి 19, 20 డిగ్రీలకి పంపాలంటే తూర్పు నుంచి కొంచెం పక్కకి గురిపెడితే చాలు, తిప్పే ఖర్చే లేదు. పదికి పంపాలంటేనే రాకెట్టు దారిలో వంగాలి, ఎందుకంటే బయల్దేరే చోటి అక్షాంశం కంటే తక్కువ వంపు నేరుగా రాదు. వంపు నేల మీదే నిర్ణయించుకోవాలి, ఆ తర్వాత ప్రతి డిగ్రీకి సెకనుకి 130 మీటర్లు.

కాశీనగర్ లక్ష్మి:
అంటే మనకి కావలసింది తిప్పే ఉపగ్రహం కాదు, మొదటినుంచే 20 డిగ్రీలకి పంపేది. కానీ అది భూమధ్యరేఖ దగ్గరి వాళ్లకి తక్కువసార్లు కనిపిస్తుంది కదా. డబ్బు పెట్టేది వాళ్లయితే మన కోసం ఎందుకు పంపుతారు?

బరంపురం బీటెక్:
అక్కా, అందుకే నేను విద్యుత్ థ్రస్టర్ అంటున్నది. వాళ్ల పని ఐదేళ్లు చేశాక, మిగిలిన జెనాన్‌తో మన వైపు తిప్పుకోవచ్చు.

పర్లాకిమిడి లెక్కల మాస్టారు:
మిగిలిన జెనాన్ నీ 90 కిలోల దాకా ఉంటుందా అన్నదే నా సందేహం. ఆఖరున దాన్ని వాతావరణంలోకి దించి కాల్చేయడానికి కూడా కొంత ఉంచుకోవాలి. 586 కిలోమీటర్ల నుంచి దించడానికి ఎంతవుతుందో నువ్వు లెక్కేసి పెట్టు, ఆదివారం చూద్దాం.