క్రంచెస్‌తో పొట్ట కొవ్వు కరుగుతుందా?

సుధీర్: చాలా కాలంగా రోజూ ఉదయం క్రంచెస్ చేస్తున్నాను. లోపల కండరం గట్టిపడినట్టు తెలుస్తోంది, కానీ ప్యాంటు మాత్రం అంతే బిగుతుగా ఉంది. జిమ్ కోచ్ సంఖ్య పెంచమంటున్నారు. పెంచితే పోతుందా?

వాసు: తప్పకుండా పోతుంది. పొట్టలో మంట పుట్టేదాకా చేయండి. ఏ కండరం పనిచేస్తే దాని పక్కనున్న కొవ్వే ముందు కరుగుతుంది. రక్తం అక్కడికే ఎక్కువగా వెళ్తుంది కదా.

భాస్కరరావు: వాసు గారూ, ఆ మంట అలసిన కండరానిది, కొవ్వుది కాదు. కొవ్వు కణంలోని నిల్వ విడివడి ముందు రక్తంలో కలవాలి. ఆ రక్తం ఒళ్లంతా తిరుగుతుంది. పొట్ట కండరానికి అందే ఇంధనం తొడ నుంచి వచ్చిందో, వీపు నుంచి వచ్చిందో దానికి పట్టదు. 1984లో అమెరికాలో దీన్ని సూటిగానే పరీక్షించారు. కొందరు మగవాళ్లు 27 రోజుల్లో ఒక్కొక్కరు 5,004 సిటప్స్ చేశారు. పొట్ట, వీపు, పిరుదుల నుంచి సూదితో కొవ్వు తీసి చూస్తే కణాలు మూడు చోట్లా దాదాపు ఒకేలా చిన్నవయ్యాయి. పొట్టకు ప్రత్యేక మర్యాద ఏమీ జరగలేదు.

లలిత: ప్రసవం తర్వాత నాకూ పొట్ట ఎత్తుగానే ఉండిపోయింది. క్రంచెస్ చేస్తే మధ్యలో గట్టులా ఉబ్బేది. కండరాలు మధ్యలో ఎడమయ్యాయని ఫిజియోథెరపిస్టు చెప్పి వేరే వ్యాయామాలు ఇచ్చారు. సుధీర్ గారూ, మీరూ ఒకసారి చూపించుకోండి.

భాస్కరరావు: లలిత గారి సమస్య వేరు, అది కొవ్వు లెక్క కాదు. సుధీర్ గారి లెక్క చూద్దాం. పది నిమిషాల క్రంచెస్‌కు మహా అయితే 50 కేలరీలు, అంటే దాదాపు ఒక ఇడ్లీ. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి. తిండి మారకుండా క్రంచెస్ మీదే ఆధారపడితే ఆ కిలోకు అయిదు నెలలు పైనే పడుతుంది. అదీ ఒళ్లంతటి నుంచీ కలిపి పోయే కిలో. నడక పెంచి, రాత్రి అన్నం తగ్గిస్తే ఇంతకంటే త్వరగా తేడా వస్తుంది. పొట్ట ఎప్పుడు తగ్గుతుందన్నది మాత్రం మీ వంశం, వయసు మీద ఆధారపడి ఉంటుంది. కొందరికి ముందు ముఖం తగ్గి, పొట్ట చివరికి మిగలవచ్చు.

వాసు: అయితే 2023లో వచ్చిన పరిశోధన సంగతి? పొట్ట వ్యాయామాలు చేసిన అధిక బరువు మగవాళ్లకు మొండెం భాగంలో కొవ్వు ఎక్కువ తగ్గిందట.

భాస్కరరావు: నిజమే, చదివాను. పాల్గొన్నవాళ్లు కొద్దిమందే, తేడా కూడా కిలోకు లోపే. పైగా వాళ్లు పొట్ట వ్యాయామాలతో పాటు ట్రెడ్‌మిల్ మీద పరుగు కూడా తీశారు, ఉత్త క్రంచెస్ కాదు. పనిచేసే కండరం పక్కన కొవ్వు కొంచెం ఎక్కువగా విడుదలవుతుందని ఒక కాలితోనే వ్యాయామం చేయించిన ప్రయోగంలో 2007లోనే కనిపించింది. కాబట్టి మీ మాటలో కొంత నిజం ఉంది, కానీ అది ప్యాంటు వదులయ్యేంత కాదు.

వాసు: ఆ కొంచెమూ ఏళ్ల తరబడి కలిస్తే? అది ఇంకా ఎవరూ చూడలేదు.

సుధీర్: మరి కొవ్వు తగ్గుతోందో లేదో నేను ఎలా తెలుసుకోవాలి?

భాస్కరరావు: బొడ్డు పక్కన చర్మాన్ని రెండు వేళ్లతో మడిచి పట్టుకోండి. కండరం బలపడి నిటారుగా నిలబడితే టేపు కొలత కాస్త తగ్గవచ్చు. మడత మందం అలాగే ఉంటే చర్మం కింది కొవ్వు కదలనట్టే.