బస్సు ఆగిపోయి బ్యాంకు మెయిన్స్ పోయింది, పోయిన అవకాశానికి పరిహారం అడగొచ్చా?

రాయగడ_కుర్రాడు:
మా తమ్ముడికి బ్యాంకు ఆఫీసర్ పోస్టు మెయిన్స్, సెంటర్ విశాఖలో దువ్వాడ వైపు పడింది. రాత్రి పదింటికి రాయగడలో ప్రైవేటు బస్సు ఎక్కాడు, ఒంటిగంటన్నరకి బొబ్బిలి దాటకముందే క్లచ్ పోయి ఆగిపోయింది. ఆఫీసుకి ఫోన్ చేసి పొద్దున్న పరీక్ష ఉందని చెప్తే అరగంటలో వేరే బస్సు వస్తాది, దిగకండి అన్నారు, నాలుగున్నర దాకా అదే మాట. చివరికి కారు మాట్లాడుకుని వెళ్ళేసరికి 8:50, గేటు 8:30కే మూసేశారు. టికెట్ 650 రూపాయలు వెనక్కి ఇస్తామంటున్నారు. అంతేనా? పోయిన ఉద్యోగానికి ఏమీ ఉండదా?

జయపురం_ట్రావెల్స్:
బాధగానే ఉంది బాబూ, కానీ ఉద్యోగం పోయిందని ఎలా అంటావు? ఉద్యోగం ఇంకా రాలేదు కదా. పరీక్ష రాస్తే పాసయ్యేవాడో లేదో దేవుడికి తెలియాలి. నేను రెండు బళ్ళు తిప్పుతాను, 650 రూపాయలు తీసుకుని నలభై మందిని ఎక్కించుకుంటాను, ఒకడు పరీక్షకి, ఒకడు పెళ్ళిచూపులకి, ఒకడు కోర్టు వాయిదాకి వెళ్తాడు. అందరి జీవితాలకీ బస్సువాడు పూచీ పడాలంటే ఈ ఘాట్ రోడ్ల మీద ఎవడూ బండి తిప్పడు. టికెట్ డబ్బులు, కారు డబ్బులు ఇస్తే న్యాయం అయిపోయినట్టే.

గుణుపురం_మాస్టారు:
అలా కాదండీ, 2021లో సుప్రీంకోర్టు రైలు లేటైతే పరిహారం ఇవ్వాలని చెప్పేసింది. రైల్వేకే తప్పలేదంటే ప్రైవేటు బస్సు ఎంత. ఆఫీసర్ ఉద్యోగం అంటే ముప్పై ఏళ్ళ సర్వీసు, ఆ జీతమంతా లెక్కగట్టి కేసు వెయ్యండి, కనీసం పది లక్షలైనా వస్తాయి. ఇంకోటి, మీ తమ్ముడు రాత్రి ఫోన్లో పరీక్ష ఉందని వాళ్ళకి చెప్పాడు కదా, ఇంక తెలీదని తప్పించుకోలేరు.

బరంపురం_వకీలు:
మాస్టారు చెప్పిన తీర్పు నిజమే, సంజయ్ శుక్లా కేసు. అజ్మీర్ జమ్మూ ఎక్స్‌ప్రెస్ నాలుగు గంటలు లేటయ్యి ఆ కుటుంబానికి శ్రీనగర్ విమానం తప్పిపోయింది. టైముకి చేర్చే గ్యారంటీ మాకు లేదని రైల్వే తన రూల్ చూపించింది, కోర్టు ఒప్పుకోలేదు, ఆలస్యం మా చేతిలో లేని కారణం వల్ల అని రుజువు చెయ్యనంత వరకు కట్టాల్సిందే అంది. మన కుర్రాడికి ఇక్కడ పనికొచ్చే ముక్క ఇదే, క్లచ్ ఎందుకు పోయిందో, బండి చివరిసారి ఎప్పుడు సర్వీసు చేయించారో ఇప్పుడు బస్సువాళ్ళే చూపించాలి. మెకానికల్ ఫెయిల్యూర్ అన్న ఒక్కమాట చాలదు.

కానీ ఆ కేసులో వచ్చిన డబ్బు చూడండి, మొత్తం 35 వేలు. టాక్సీకి 15 వేలు, బుకింగులు పోయినందుకు 10 వేలు, మనోవేదనకి ఐదు, ఖర్చులకి ఐదు. అన్నీ జేబులోంచి పోయినవే, అవకాశం పోయినందుకంటూ అందులో రూపాయి కూడా లేదు. ఆ తీర్పు పట్టుకుని ముప్పై ఏళ్ళ జీతం అడిగితే వినియోగదారుల కమిషన్ ముందు పిటిషన్ తేలికైపోతుంది, రావాల్సినది కూడా రాకుండా పోతుంది.

అలాగని జయపురం ఆయన అన్నట్టు పాసవుతాడో లేదో తెలీదు కాబట్టి సున్నా అనడం కూడా చట్టం కాదు. దీని మీద అందరూ చెప్పేది 1911 నాటి ఇంగ్లండ్ కేసు, చాప్లిన్ వర్సెస్ హిక్స్. నాటకాల కంపెనీ నడిపే ఒకాయన అందాల పోటీ పెట్టాడు, ఆరు వేల మంది ఫొటోలు పంపారు, పాఠకుల ఓట్లతో యాభై మంది మిగిలారు, వాళ్ళలోంచి ఇంటర్వ్యూ చేసి పన్నెండు మందికి మూడేళ్ళ నటన ఉద్యోగం. ఈ అమ్మాయి ఆ యాభైలో ఉంది, కానీ ఇంటర్వ్యూ ఉత్తరం ఆమె చేతికి ఆలస్యంగా అందింది. గెలుస్తుందో లేదో ఎవరికీ తెలీదు కాబట్టి నష్టమే లేదని ఆయన వాదన. లెక్క కట్టడం కష్టమైనంత మాత్రాన తప్పు చేసినవాడు కట్టనక్కర్లేదని కాదు అంది కోర్టు. ఆ ఉద్యోగాల్లో మొదటి నలుగురికి వారానికి ఐదు పౌన్లు, తర్వాత నలుగురికి నాలుగు, చివరి నలుగురికి మూడు. సగటు నాలుగు వేసుకుంటే మూడేళ్ళకి ఇంచుమించు 624 పౌన్లు, యాభైలో పన్నెండు అంటే దాదాపు నాలుగో వంతు, అంటే 150 చిల్లర. జ్యూరీ ఇచ్చింది 100 పౌన్లు. ఉద్యోగం ఇచ్చినట్టు కాదు, ఉద్యోగం దాకా వెళ్ళే దారికి ధర కట్టినట్టు.

ఫోన్లో చెప్పిన మాట గురించి. కాంట్రాక్ట్ యాక్ట్ 73వ సెక్షన్ చూసేది ఒప్పందం చేసుకున్న నాటికి ఇద్దరికీ ఏం తెలుసో. అంటే టికెట్ కొన్నప్పుడు. రాత్రి ఒంటిగంటన్నరకి బండి ఆగిపోయాక చెప్తే దానికి ఈ సెక్షన్ కింద పెద్ద బలం లేదు. కుర్రాడా, టికెట్ కొన్నప్పుడు పరీక్ష సంగతి ఎవరైనా ఎత్తారా?

పర్లాకిమిడి_పద్మ:
నాది కూడా ఇలాంటిదే. పోయినేడు మా అమ్మాయి కాలేజీ అప్లికేషన్ కొరియర్‌లో వేస్తే గడువు దాటిన రెండోరోజు చేరింది, సీటు పోయింది. అడిగితే రసీదు వెనక చూడండి మా బాధ్యత వంద రూపాయలే అని రాసుంది అన్నారు. నిజంగా ఆ చిన్న అక్షరాల్లో ఉంది. నేనూ కేసు వెయ్యొచ్చా? పైగా మా ఊళ్ళో వేరే కొరియర్ లేదు, ఎవరి దగ్గరికి పోతాం?

బరంపురం_వకీలు:
పద్మగారూ, మీది ఇంకాస్త కష్టం. కొరియర్ కాగితం మీద సంతకం పెట్టినవాళ్ళని అందులోని పరిమితి కట్టిపడేస్తుందని 1996లోనే భారతి నిట్టింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు సంతకం పెట్టారా, లేక వాళ్ళే రాసి రసీదు చింపి ఇచ్చారా, అది ముందు చూడండి. సంతకం లేకపోతే వాదించే చోటు ఉంది. కేసు వెయ్యడానికి ఉన్న రెండేళ్ళ గడువు దాటనివ్వకండి.

రాయగడ_కుర్రాడు:
సార్, టికెట్ కౌంటర్ బయట ఫ్లెక్సీ కట్టారు, ఆదివారం పరీక్ష అభ్యర్థులకి ప్రత్యేక సర్వీసు, తెల్లారి ఐదింటికి విశాఖ అని తెలుగులోనే ఉంది. తమ్ముడు ఫ్రెండ్సుకి గ్రూపులో పెట్టడానికి ఫొటో తీశాడు. ఇంకా క్లీనరు అందరి ముందూ నిన్న పార్వతీపురం ఎక్కేటప్పుడే క్లచ్ జారింది అన్నాడు, వెనక సీటాయన తీసిన వీడియోలో అది ఉంది. కారుకి 4,200 అయ్యింది, డ్రైవరుకి ఫోన్‌పేలో కొట్టాం.

బరంపురం_వకీలు:
కేసు నిలబడేది ఈ ఫ్లెక్సీ మీదే. ఎవడు ఏ పనికి వెళ్తున్నాడో మాకేం తెలుసు అని జయపురం ఆయన అన్నారు, మామూలు బస్సుకి అది న్యాయమైన మాటే, నేనూ ఒప్పుకుంటాను. కానీ పరీక్ష పేరు చెప్పి సీట్లు అమ్ముకున్నవాడు పరీక్ష సంగతి తెలీదనలేడు. క్లచ్ సంగతి ముందురోజే తెలుసన్న వీడియో ఉంటే నిర్లక్ష్యం కూడా వచ్చేసింది. ఆ పైన మూడు గంటలు దిగకండి దిగకండి అని ఆపడం వేరే లోపం. ఆ మాట నమ్మకపోతే మీ తమ్ముడు రెండింటికే కారు మాట్లాడుకుని ఐదున్నరకల్లా చేరేవాడు. మీరే వేరే దారి చూసుకోవాల్సిందని వాళ్ళు అంటారు చూడండి, దానికి జవాబు ఆ కాల్ రికార్డుల్లోనే ఉంది.

ఇంక డబ్బు. రెండు విషయాలు వేరుగా పెట్టాలి. తమ్ముడు పరీక్ష రాసేవాడా అన్నది మీరు నిరూపించాలి, హాల్ టికెట్ ఉంది, గేటు దాకా వెళ్ళాడు, అది తేలికే. రాస్తే బ్యాంకు తీసుకునేదా అన్నది ఎవరూ నిరూపించలేరు, అందుకే అక్కడ వాటా లెక్క. నోటిఫికేషన్ చూడండి, మెయిన్స్‌కి సుమారు పోస్టులకి పదింతల మందిని పిలుస్తారని ఉంటుంది, అంటే సగటున పదిలో ఒక వంతు. పోయినేడు మెయిన్స్ రాసి ఉంటే ఆ స్కోర్‌కార్డు పెట్టండి, కటాఫ్‌కి దగ్గరలో ఉంటే వాటా పెంచమని అడగొచ్చు.

దేంట్లో పదో వంతు అన్నదే అసలు చిక్కు. ముప్పై ఏళ్ళ జీతంలో కాదు, ఎందుకంటే వచ్చే ఏడు మళ్ళీ రాయొచ్చు. వయసు మిగిలినవాడికి పోయింది ఉద్యోగం కాదు, ఒక ఏడాది. ఉద్యోగంలో వచ్చే జీతానికీ ఇప్పుడు సంపాదిస్తున్నదానికీ నెలకి 40 వేలు తేడా అనుకోండి, ఏడాదికి 4,80,000, అందులో పదో వంతు 48 వేలు. స్కోర్‌కార్డు గట్టిదై ఐదో వంతు అనిపించగలిగితే 96 వేలు. ఇదే ఆఖరి అటెంప్ట్ అయితే లెక్క పూర్తిగా వేరు, ఎన్నో రెట్లు పెరుగుతుంది. తమ్ముడి వయసెంత?

రాయగడ_కుర్రాడు:
28 సార్. ఓబీసీ, ఇంకా టైముంది. పోయినేడు మెయిన్స్ రాశాడు, దగ్గరలోనే ఆగిపోయాడు, మార్కులు ఉన్నాయి.

జయపురం_ట్రావెల్స్:
సరే ఆ ఫ్లెక్సీ కట్టినవాడు చేసింది తప్పే, క్లచ్ తెలిసీ బండి తియ్యడం ఇంకా తప్పు, దాన్ని నేను సమర్థించను. కానీ ఆ బస్సులో ముప్పై మంది అభ్యర్థులు ఉన్నారనుకోండి, తలా 48 వేలంటే 14 లక్షలు దాటిపోతుంది. పదో వంతు లెక్క ప్రకారం ఆ ముప్పై మందిలో ఉద్యోగం వచ్చేది ముగ్గురికే. మిగిలిన ఇరవై ఏడు మందికి రాని ఉద్యోగానికి డబ్బు ఎందుకు కట్టాలి?

బరంపురం_వకీలు:
ఆ ముగ్గురు ఎవరో తెలీకుండా చేసింది బస్సువాడే కదా. ముగ్గురికీ మొత్తం ఇచ్చినా, ముప్పై మందికీ పదో వంతు ఇచ్చినా వాడి జేబులోంచి పోయేది ఒకటే, ఎక్కువేమీ కట్టడం లేదు. మీరన్నదాంట్లో నిజమైన ఇబ్బంది వేరే ఉంది, మన కమిషన్లు చాలాసార్లు ఈ లెక్క చూపించవు, మనోవేదన పద్దు కింద గుత్తగా ఒక మొత్తం వేసి సరిపెడతాయి. అందుకే పిటిషన్లోనే ఈ లెక్క వివరంగా రాయమంటాను, రాస్తే కనీసం దాన్ని ఎందుకు ఒప్పుకోలేదో చెప్పాల్సి వస్తుంది. ఒప్పుకుంటారని నేను మాట ఇవ్వలేను.

గుణుపురం_మాస్టారు:
మరి బస్సు కంపెనీ ఆంధ్రాది కదండీ, కేసు వెయ్యడానికి విశాఖ పోవాలా?

బరంపురం_వకీలు:
అక్కర్లేదు మాస్టారూ. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఫిర్యాదుదారు ఉండే చోటే వెయ్యొచ్చు, రాయగడ జిల్లా కమిషన్ చాలు. టికెట్ 650 కాబట్టి ఫీజు కూడా లేదు. ఫ్లెక్సీ, టికెట్ తెలుగులో ఉన్నాయి కనుక ఇంగ్లీషులోకి అనువాదం చేయించి ఒరిజినల్‌తో కలిపి పెట్టండి. ఇప్పుడు ముందు చెయ్యాల్సింది ఒకటే, ఆ వెనక సీటాయన నంబరు పట్టుకుని వీడియో ఒరిజినల్ ఫైలు ఆయన ఫోన్లోంచి చెరిపెయ్యకుండా చూడమనండి, గ్రూపులో ఫార్వర్డ్ అయ్యింది చాలదు. టికెట్ డబ్బులు వెనక్కి తీసుకుంటే పూర్తి సెటిల్‌మెంట్ అని ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు.