నిన్నటి వ్రతం ప్రసాదాలు ఈరోజు తినొచ్చా?

నమస్తే అండి, మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నిన్న ఉదయం సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. పులిహోర, దద్దోజనం, పూర్ణం బూరెలు, రవ్వ ప్రసాదం చాలా మిగిలాయి, ఫ్రిజ్‌లో చోటు లేక రాత్రంతా మూతలు పెట్టి వంటింట్లోనే ఉంచాం. అసలే ఉక్క.

దద్దోజనం పుల్లబడింది కాబట్టి పక్కన పెట్టేశాను. నా టెన్షన్ అంతా పులిహోర గురించే. వాసన, రుచి బాగానే ఉన్నాయి, చింతపండు, నూనె ఉన్నాయి కాబట్టి రెండో రోజుకీ ఏమీ కాదని అత్తయ్యగారు అంటున్నారు. కానీ అన్నం ఉడికినా చావని ఒక రకం బ్యాక్టీరియా బయట ఉంచితే పెరిగి విషం వదులుతుందని, ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదని, వాసనలో తెలియదని చదివాను. చింతపండు పులుపు దాన్ని ఆపడానికి సరిపోతుందా? లేక పులుపు తగలని అన్నం ముద్దల్లో పెరుగుతుందా? మా పులిహోరలో పులుసు అంతటా సమంగా కలవలేదు, అక్కడక్కడా తెల్లగానే ఉంది.

బూరెలు పైన కరకరలాడుతున్నా లోపల పూర్ణం తడిగా ఉంది, విరిస్తే కొంచెం తీగలా సాగుతోంది. అది బెల్లం పాకమా, పాడైన గుర్తా? రవ్వ ప్రసాదం పాలు పోసి చేసింది, నెయ్యి బాగా వేశాం.

ఇంట్లో మూడేళ్ళ పాప, షుగర్ ఉన్న మావయ్యగారు ఉన్నారు, వాళ్ళకైతే ఏదీ పెట్టలేదు. ప్రసాదం పారేయకూడదని అత్తయ్యగారి బాధ, పోనీ ఆవుకి పెడదామంటే అంత అన్నం దానికి మంచిది కాదంటారు. మీ ఇళ్ళల్లో ఇలా మిగిలితే ఏం చేస్తారు? వంటల వాళ్ళు, డాక్టర్లు ఎవరైనా ఉంటే కాస్త త్వరగా చెప్పండి, సాయంత్రం రావులపాలెం నుంచి చుట్టాలు వస్తున్నారు.