పిలిస్తే వస్తాడు, తనంతట తాను పిలవడు: ఇష్టం తగ్గినట్టేనా?

మాధవి_కాకినాడ: పెళ్లయి నాలుగేళ్లు. సినిమాకి వెళ్దామన్నా, బయట తిందామన్నా, ఆఖరికి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోవాలన్నా నేనే మొదలుపెట్టాలి. పిలిస్తే కాదనడు, సంతోషంగానే వస్తాడు. తనంతట తాను మాత్రం అడగడు. ఒక నెల నేనూ ఏమీ అడక్కుండా ఊరుకుని చూద్దామనుకుంటున్నా. నామీద ఇష్టం తగ్గిందనేగా దీనర్థం?

లలిత_గుంటూరు: ఊరుకుని చూడండి. నెలలో తేలిపోతుంది. కావాలనుకున్నవాడు వెతుక్కుంటూ వస్తాడు.

శారద_హన్మకొండ: అట్ల చేయొద్దండీ. దాంపత్య కౌన్సెలింగ్‌లో ఈ పరీక్ష పెట్టుకుని వచ్చేవాళ్లు చాలామంది ఉంటరు, దాంతో ఏదీ తేలదు. మీరు అడగడం మానేస్తే మీ ముఖం, గొంతు కూడా మారిపోతయి. ఆయన చూసేది మీ మౌనం కాదు, మీ కోపం. కోపంగా ఉన్న మనిషి దగ్గరికి వచ్చి సినిమాకి పోదామా అని అడిగేవాళ్లు తక్కువ. ఒకరు వెంటపడటం, ఇంకొకరు వెనక్కి తగ్గడం అలవాటైన జంటల్లో మొదటి వారం పది రోజులు వెనక్కి తగ్గేవాళ్లకి ఊపిరి తీసుకున్నట్టు ఉంటది. దాన్ని చూసి మీరు "నేను లేకపోయినా హాయిగానే ఉన్నాడు" అనుకుంటరు. ఇష్టం పోయినవాడూ, భయపడ్డవాడూ, అసలు గమనించనివాడూ ఆ నెలంతా ఒక్కలాగే కనపడతరు.

అంతకన్నా ఈ మూడు చూడండి. మొదటి ఏడాదిలో ఆయనే అడిగేవారా, లేక మొదట్నుంచీ ఇంతేనా? మీరు పిలిచినప్పుడు ఫోను పక్కన పెట్టి మీతో ఉంటున్నారా, ఒంటితో మాత్రమే వస్తున్నారా? కుదరదన్న రోజున "ఆదివారం పోదాం" అని ఇంకో రోజు చెప్తున్నారా? ఇష్టం సన్నగిల్లితే ముందు ఈ మూడింటిలోనే తెలుస్తది.

లలిత_గుంటూరు: పిలిస్తే రావడం కూడా ప్రేమేనా? మర్యాదకి పక్కింటి పేరంటానికి కూడా వెళ్తాం.

శారద_హన్మకొండ: అమెరికా సైకాలజిస్టు జాన్ గాట్‌మన్ కొత్తగా పెళ్లైన జంటల్ని గమనించి, ఆరేళ్ల తర్వాత మళ్లీ చూసిండు. ఒకరు కదిపితే రెండోవారు స్పందించింది, కలిసి ఉన్న జంటల్లో 86 శాతం సార్లు, విడిపోయినవాళ్లలో 33 శాతం సార్లు. అక్కడ లెక్కపెట్టింది ఎవరు మొదలుపెట్టారని కాదు, పిలుపుకి ఏం జవాబు వచ్చిందని. అందుకే అంత గట్టిగా అడుగుతున్న.

వంశీ_నెల్లూరు: మా ఇంట్లో సంగతి చెప్తా. నేను హోటల్ అనుకుంటే అక్కడ పార్కింగ్ లేదంటారు, సినిమా అంటే ఆ హీరోనా అంటారు. చీర కొంటే రంగు బాలేదు. ఇంకెందుకని మానేశా. మాధవిగారు కూడా ఒకసారి ఆలోచించుకోవాలి.

లలిత_గుంటూరు: వచ్చారండీ. ఆవిడ అడిగింది తన మొగుడి గురించి, మీరు తప్పు ఆవిడ మీద వేసి పోతున్నారు. ఆవిడ వంకలు పెడుతుందని మీకెవరు చెప్పారు?

వంశీ_నెల్లూరు: నేను ఆమెని అనలేదు. మగవాళ్లు ఎందుకు మానేస్తారో చెప్పానంతే. చెప్పకూడదా?

చింటూ_భీమవరం: స్నేహితులతో ట్రిప్పులు ఎవరు ప్లాన్ చేస్తారు? ఆయనే చేస్తుంటే మాత్రం ఆలోచించాల్సిందే.

మాధవి_కాకినాడ: వాళ్లే పిలుస్తారు, తను వెళ్తాడు. అక్కడా అంతే. వంకలంటే... నేను కొంచెం పెడతాననే అనుకోండి. కానీ అత్తయ్యగారి మోకాలి ఆపరేషన్‌కి హాస్పిటల్, గది, ఇన్సూరెన్స్, రైలు టికెట్లు అన్నీ తనే చూశాడు, ఒక్కటి కూడా నేను గుర్తుచేయలేదు. మొదటి ఏడాది కూడా పెద్దగా అడిగేవాడు కాదు. కుదరకపోతే వేరే రోజు మాత్రం చెప్తాడు.

లలిత_గుంటూరు: చూశారా! చేతకాక కాదు. అమ్మ విషయంలో చేతనైనవాడు పెళ్లాం విషయంలో ఎందుకు కాడు?

శారద_హన్మకొండ: ఆపరేషన్‌కి తేదీ ఉంటది, డాక్టర్ చెప్పిన పని ఉంటది. సరిగా చేసిండా లేదా అనేది అందరికీ తెలుస్తది. సాయంత్రం బయటికి తీసుకుపోవాలంటే ఎదుటిమనిషికి ఏం నచ్చుతదో ఊహించాలె, నచ్చకపోతే ఆ ముఖం చూడాలె. కొందరికి ఈ రెండో రకం పనే కష్టం. స్నేహితుల దగ్గర కూడా అంతే అంటున్నరు, మొదట్నుంచీ అంతే అంటున్నరు. ఇది తగ్గిన ఇష్టంలాగ లేదు, మొదట్నుంచీ ఉన్న తీరులాగ ఉంది. మొదట బాగా అడిగి, ఈమధ్యనే ఆగిపోయి ఉంటే నా జవాబు వేరేగా ఉండేది. నిద్ర, ఆకలి మారి, తనకిష్టమైన క్రికెట్ కూడా వదిలేసి రెండు వారాలు దాటితే డిప్రెషన్ అనుమానించి డాక్టర్‌కి చూపించమనేదాన్ని. దానికి వాడే కొన్ని మందులు కూడా దగ్గరతనం మీద కోరికని తగ్గిస్తయి, కానీ వాటిని సొంతంగా ఆపొద్దు.

లలిత_గుంటూరు: తీరు, తీరు! ఆ ఒక్క మాటతో నలభై ఏళ్లు నడిపించేస్తారా? నా గొడవ ప్రేమ ఉందా లేదా అని కాదండీ. ఉందే అనుకుందాం. గుర్తుపెట్టుకోవడం ఆవిడే, వెతకడం ఆవిడే, టికెట్లు ఆవిడే, ఇప్పుడు ఆయన్ని అర్థం చేసుకోవడం కూడా ఆవిడ పనే అంటున్నారు. అలిసిపోయిన మనిషికే మళ్లీ పని చెప్తున్నారు మీరు.

శారద_హన్మకొండ: ఇది నిజమైన ప్రశ్న. ఇష్టం ఉన్నా బరువు బరువే, ఆ మాట ఒప్పుకుంటున్న. మౌనంగా కాకుండా, చెప్పి ఒక పని మొత్తంగా అప్పజెప్పాలె అంటున్న.

మాధవీ, "నువ్వు కూడా ఏదన్నా ప్లాన్ చెయ్యి" అంటే ఏమీ జరగదు. "నెలలో రెండో శనివారం సాయంత్రం నీది. ఏం చేస్తామో నువ్వే చూడు" అని ఒక్కసారి చెప్పండి. గుర్తుపెట్టుకోవడం, రెండు మూడు వెతకడం, ఒకటి ఖాయం చేయడం, ఆ రోజు జరిగేలా చూడటం, నాలుగూ ఆయనవే. సాధారణంగా మొదటిదీ చివరిదీ ఎక్కువగా భార్య మీదే పడతయి, అలుపంతా అక్కడే. మీరు గుర్తుచేయొద్దు. ఆయన తీసుకుపోయింది బండి మీద బజ్జీలకైనా సరే, ఆ సాయంత్రం వంక పెట్టొద్దు. శనివారం ఖాళీగా పోతే అదే రాత్రి గొడవపడకుండా, మరునాడు "నిన్న ఎదురుచూశాను" అని చెప్పి వదిలేయండి. మూడు నెలలు చూస్తే చాలు.

మాధవి_కాకినాడ: ముట్టుకోవడం సంగతి? దాన్ని కూడా శనివారం చేస్తే నాకు ఏడుపొస్తుంది.

శారద_హన్మకొండ: దాన్ని వంతుల్లో పెట్టొద్దు. కొందరికి కోరిక ముందు పుట్టదు, దగ్గరైన తర్వాత పుడుతది. వాళ్లు ఎదురుచూసినా అది రాదు. ఇంకొందరు చెయ్యి పడితే ఇంకేదో జరగాలనుకుంటరేమో అని వెనకాడతరు. "ఊరికే కాసేపు ఇట్ల కూర్చుందాం, ఇంకేం లేదు" అని చెప్పి చూడండి. అదే ఆయనకి సులువైతే కారణం మీకు దొరికినట్టే. అప్పుడు కూడా జరిగి కూర్చుంటే మాత్రం అడగాల్సిన ప్రశ్న వేరే.

వంశీ_నెల్లూరు: వంక పెట్టొద్దన్న మాట మా ఇంట్లో ఎవరు చెప్తారో.

లలిత_గుంటూరు: మీరే చెప్పండి, ఇక్కడ కాదు. మాధవీ, మూడో నెల వచ్చి రాయండి. మూడూ ఖాళీగా పోతే నేనన్నదే నిజం.

శారద_హన్మకొండ: ఖాళీగా పోతే మరునాడు ఆయన ఏమన్నదీ కూడా రాయండి. "అయ్యో, మర్చిపోయిన, రేపు పోదాం" అనడం వేరు, "నీకే కదా కావాల్సింది" అనడం వేరు. రెండోది వస్తే లలితగారితో నేను వాదించను.

లలిత_గుంటూరు: మొదటిది మూడుసార్లు వస్తే?

మాధవి_కాకినాడ: అదే నా భయం కూడా. రేపు చెప్తాను తనకి.